సిగ్గుపడి లేచి వచ్చేశాను, ఆ వేలి పరీక్ష తప్పదా?

*డాక్టరు గారికి నమస్కారం. నాకు 62 ఏళ్లు, చిత్తూరులో బెల్లం మండీ ఉంది. ఏడాదిగా ఒంటికి సరిగా రావడం లేదు. ధార సన్నబడింది, ఆగి ఆగి వస్తుంది, రాత్రి నాలుగు సార్లు లేస్తున్నాను. పోయిన నెలలో వారం రోజులు మంట కూడా పుట్టింది. మావాడి పోరు పడలేక తిరుపతిలో ఒక ఆసుపత్రికి పోయాను. స్కానింగులో ప్రోస్టేటు 48 గ్రాములు ఉందన్నారు. పీఎస్‌ఏ అనే రక్తపరీక్షలో 6.2 వచ్చింది. డాక్టరు "వేలితో చూడాలి, పక్కకు తిరిగి పడుకోండి" అన్నాడు. గదిలో ఇంకో ఇద్దరు చిన్న డాక్టర్లు నిలబడి ఉన్నారు, ఒకమ్మాయి మా చిన్న కూతురి ఈడుది. నాకు చెమటలు పట్టేశాయి. బాత్రూముకు పోయొస్తానని చెప్పి అటునుంచి అటే బస్టాండుకు వచ్చేశాను. ఇంట్లో అన్నీ చూపించుకున్నాననే చెప్పాను. స్కానింగు, రక్తపరీక్ష ఉన్నాక ఈ పరీక్ష ఎందుకు? నొప్పి పుడుతుందా? లోపల గలీజు ఉంటుంది కదా? మగతనానికేమన్నా అవుతుందా? మానేస్తే ఏమవుతుంది? దయచేసి పేరు వేయొద్దు.*
*— చిత్తూరు పాఠకుడు*

అన్నా, స్కానింగు గ్రంథి ఎంత పెరిగిందో కొలుస్తుంది. రక్తపరీక్ష ఆ గ్రంథి నుంచి రక్తంలోకి ఎంత పదార్థం కారుతోందో చెబుతుంది. ఆ గ్రంథి మెత్తగా ఉందా, రాయిలా ఉందా, ముట్టుకుంటే నొప్పి పుడుతోందా అన్నది ఈ రెండింటిలోనూ దొరకదు. కడుపు మీద పెట్టి చేసే మామూలు స్కానింగులో చిన్న గడ్డలు కనిపించకుండా పోవడం మామూలే. వేలితో చూడాలనడానికి అసలు కారణం ఇదే. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు, ఫీజు పెంచాలనీ కాదు. నిజానికి ఇందులో వాళ్లకయ్యే ఖర్చు ఒక జత గ్లౌజులు, కాస్త జెల్లీ.

ప్రోస్టేటు ఎక్కడుందో తెలిస్తే ఈ పరీక్ష అక్కడి నుంచే ఎందుకు చేస్తారో అర్థమవుతుంది. మూత్రాశయం కింద, మూత్రం వచ్చే గొట్టం చుట్టూ అది పట్టీలా ఉంటుంది. అందుకే అది ఉబ్బితే ధార సన్నబడుతుంది. దాని వెనకవైపు మలం దిగే పేగు ముందు గోడకు ఆనుకుని ఉంటుంది. మలద్వారం నుంచి నాలుగైదు సెంటీమీటర్లు లోపలికి వెళ్లిన వేలికి, ఆ పలచటి పేగు గోడ మీదుగా గ్రంథి వెనకభాగం నేరుగా తగులుతుంది. చర్మం, కండలు, మూత్రాశయం ఏవీ అడ్డం రాకుండా దాన్ని ముట్టుకోగలిగే దారి అదొక్కటే. ఇంకో సంగతి, ప్రోస్టేటులో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం మొదలయ్యేది వేలికి తగిలే ఆ వెనకభాగంలోనే.

డాక్టరు వేలికి ఏం తెలుస్తుందో మీరే ఇప్పుడు చూసుకోవచ్చు. బొటనవేలిని చిటికెన వేలికి గట్టిగా ఆనించి, బొటనవేలి మొదట్లో ఉబ్బిన కండను రెండో చేతి వేలితో నొక్కండి. ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేటూ, వయసుతో పెరిగిన ప్రోస్టేటూ ఇంచుమించు అలాగే, కాస్త రబ్బరులా, నున్నగా తగులుతాయి. ఇప్పుడు పిడికిలి బిగించి వేలి కణుపు మీద నొక్కండి. గ్రంథిలో ఎక్కడైనా అంత గట్టిగా తగిలితే డాక్టరుకు అనుమానం వస్తుంది. నిజంగానే వైద్య విద్యార్థులకు ఈ తేడా ఇలాగే నేర్పిస్తారు.

ఇక మీ లెక్కకే వద్దాం. పీఎస్‌ఏ 4 దాటితే ఇంకా చూడాలన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. మీది 6.2. వినగానే భయం వేస్తుంది. కానీ పీఎస్‌ఏ క్యాన్సర్‌కు మాత్రమే పెరగదు. గ్రంథి పెద్దదైతే పెరుగుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా బాగా పెరుగుతుంది. పరీక్షకు ముందు రెండు రోజుల్లో వీర్యం పోయినా కాస్త పెరగవచ్చు. మీకు పోయిన నెలలో వారం రోజులు మంట ఉందన్నారు. రక్తం ఆ తర్వాత ఎన్ని రోజులకు తీశారో రాయలేదు. దగ్గర్లోనే తీసుంటే, ఆ 6.2లో కొంత భాగం ఇన్ఫెక్షన్‌దే కావచ్చు. ఇక గ్రంథి పరిమాణం సంగతి. 6.2ను 48తో భాగిస్తే 0.13 దాకా వస్తుంది. ఇది 0.15 కంటే తక్కువ ఉంటే, గ్రంథి పెద్దదైనందువల్లే పీఎస్‌ఏ పెరిగి ఉండొచ్చని కొంత నెమ్మది పడతాం. నెమ్మది పడతామన్నాను, వదిలేస్తామని కాదు.

మీ కాగితాల మీదున్న అంకెలు ఇక్కడిదాకానే తీసుకురాగలవు. ఇక్కడి నుంచి దారి ఎటన్నది వేలు చెప్పేదాన్ని బట్టే ఉంటుంది. గ్రంథి పెద్దగా, నున్నగా, రెండు పక్కలా సమానంగా తగిలిందనుకుందాం. అప్పుడు తొందరేమీ లేదు. మూత్ర పరీక్ష, కల్చర్ చేస్తారు. ఇన్ఫెక్షన్ ఉంటే మందు ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పీఎస్‌ఏ మళ్లీ తీస్తారు. ఈలోగా ధార సాఫీ కావడానికి మాత్ర మొదలుపెడతారు. ఆ రెండో పరీక్షలో అంకె దిగిందంటే, మీది వయసుతో వచ్చే మామూలు వాపు కింద లెక్క. అదే ముట్టుకోగానే మీరు ఎగిరిపడేంత నొప్పి ఉండి, గ్రంథి మెత్తగా, వేడిగా తగిలితే, ఇన్ఫెక్షన్ గ్రంథిలోకే దిగిందని అర్థం. అప్పుడు యాంటీబయాటిక్ మూడు నాలుగు రోజులు కాదు, కొన్ని వారాలు వాడాలి. మంట తగ్గిందని మధ్యలో ఆపేస్తే తిరగబెడుతుంది. మూడోది, ఒక పక్కన గట్టి గడ్డ తగలడం. అలా తగిలితే ఆరు వారాలు ఆగి చూద్దామన్న మాట ఉండదు. ఎంఆర్ఐ తీయించి, అవసరమైతే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. గడ్డ తగిలితే, పీఎస్‌ఏ 2 ఉన్నా వదలరు. అంటే అదే 6.2కు మూడు దారులున్నాయి. మీరు లేచి వచ్చేశారు కాబట్టి ఏ దారో ఆ డాక్టరుకూ తెలియలేదు, మీకూ తెలియదు.

దీన్ని ఉన్నదానికంటే గొప్పగా చెప్పడం కూడా నాకిష్టం లేదు. వేలు గ్రంథి వెనకభాగాన్నే ముట్టుకుంటుంది, ముందుభాగం దానికి అందదు. లోతుగా ఉన్న చిన్న గడ్డ తప్పించుకోవచ్చు. ఒక డాక్టరుకు గడ్డ అనిపించింది ఇంకొకరికి అనిపించకపోవచ్చు. "బాగుంది" అన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని రాసిచ్చినట్టు కాదు. ఏ బాధా లేని మగవాళ్లకు, మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఇదీ ఒకటి అని చేయడం వల్ల ఆయుష్షు పెరుగుతుందని రుజువు లేదు. అమెరికాలో ఇలాంటి పరీక్షల మీద సలహా ఇచ్చే నిపుణుల సంఘం 2018లోనే, ప్రోస్టేటు క్యాన్సర్‌ను ముందుగా పట్టడానికి దీన్ని వాడమని సిఫారసు చేయలేమని చెప్పింది. కానీ అది బాధలు లేనివాళ్ల మాట. మీకు ఏడాదిగా ధార సరిగా రావడం లేదు, పైన పీఎస్‌ఏ పెరిగింది. మీ మండీ పక్కన ఉండే ఆరోగ్యవంతుడు ఈ పరీక్ష వద్దంటే నేను సరేనంటాను. మీ సంగతి వేరు.

ఇప్పుడు గదిలో ఏం జరుగుతుందో మొదటి నుంచి చెబుతాను. మీరు భయపడింది జరిగేదానికంటే, జరగబోయేదేమిటో తెలియకపోవడానికే అనిపిస్తోంది.

మంచం మీద ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు రెండూ పొట్ట దగ్గరికి ముడుచుకుని పడుకోమంటారు. మీ ముఖం గోడవైపు ఉంటుంది. కొందరు మంచం మీదికి వంగి నిలబడమంటారు, ఇంకొందరు మోచేతులు, మోకాళ్ల మీద ఉండమంటారు. మీకు పడుకోవడమే నయం, దాన్నే అడగండి. గ్లౌజు వేసుకున్న డాక్టరు మొదట పిరుదులు పక్కకు జరిపి పైన చూస్తాడు. మొలలు, చీలికలు, చీము కారే రంధ్రం లాంటివి ఉంటే అప్పుడే కనిపిస్తాయి. తర్వాత చూపుడు వేలికి జెల్లీ బాగా రాస్తాడు. చాలాచోట్ల కాస్త మొద్దుబార్చే మందు కలిసిన జెల్లీయే వాడతారు.

వేలిని నేరుగా పొడవరు. వేలి మెత్తటి భాగాన్ని మలద్వారం మీద ఆనించి, కొన్ని క్షణాలు అలాగే ఉంచుతారు. తాకగానే అక్కడి కండ ముడుచుకుంటుంది. అది మీ చేతుల్లో లేదు, ఎవరికైనా అంతే. అలా ముడుచుకున్నప్పుడే తోస్తే నొప్పి పుడుతుంది. కాస్త ఆగితే అదే వదులవుతుంది. మీరు చేయాల్సింది ఒక్కటి. డాక్టరు చెప్పినప్పుడు దొడ్డికి ముక్కినట్టు కొద్దిగా ముక్కి, నోరు తెరిచి నెమ్మదిగా గాలి వదలండి. ముక్కినప్పుడు ఆ కండ తెరుచుకోవడం దానికి పుట్టుకతో ఉన్న పని. ఆ క్షణంలో వేలు దానంతట అది జారుతుంది. పళ్లు బిగబట్టి పిడికిళ్లు బిగిస్తే కింద కూడా బిగుసుకుంటుంది. దీన్ని బలవంతంగా ఓర్చుకోవాలనుకునేవాళ్లకే ఎక్కువ కష్టంగా ఉంటుందన్నది నేను ఓపీలో ఏళ్ల తరబడి గమనించిన సంగతి.

లోపలికి వెళ్లాక వేలిని ఒక చుట్టు తిప్పి పేగు గోడను తడుముతారు. ముందువైపు గ్రంథి మీద అటూ ఇటూ రాసి, మధ్యలో ఉండే గాడి తగులుతోందా, అంచులు ఎక్కడ ఉన్నాయి, రెండు పక్కలూ సమానమేనా అని చూస్తారు. గ్రంథిని నొక్కినప్పుడు ఒక్కసారిగా ఒంటికి వచ్చేలా అనిపిస్తుంది. వేలు ఉన్నంతసేపూ దొడ్డికి వచ్చేలా కూడా అనిపిస్తుంది. ఆ రెండూ అనిపించడం వరకే, నిజంగా ఏదీ రాదు. చాలామందికి అసలు భయం ఇదే. కావాలంటే ముందే ఒంటికి పోయి రండి. ఒకసారి వేలిని బిగించి పట్టమని కూడా అనవచ్చు. అక్కడి కండకు, నరాలకు బలం ఉందా అన్నది చూసుకోవడానికే అది. మొత్తం అంతా కలిపి ఒక నిమిషం, మహా అయితే రెండు. బయటికి తీసిన గ్లౌజు మీద రక్తం ఉందా, మలం నల్లగా ఉందా అని చూసి పారేస్తారు. మీకు తుడుచుకోవడానికి దూదో, గుడ్డో ఇస్తారు. అంతే.

నొప్పి గురించి అబద్ధం చెప్పను. ఎక్కువమందికి అది నొప్పి కాదు, ఒత్తిడి, ఎబ్బెట్టుతనం. నిజమైన నొప్పి పుట్టిందంటే దానికేదో కారణం ఉంటుంది. చీలిక గానీ, చీముగడ్డ గానీ, గ్రంథిలో ఇన్ఫెక్షన్ గానీ ఉండొచ్చు. అందుకే ఓర్చుకోవద్దు, చెప్పండి. దొడ్డికి పోయినప్పుడు బ్లేడుతో కోసినట్టు ఉంటుంటే ముందే చెప్పండి, ఆ రోజు వాయిదా వేసి ముందు దానికి మందు ఇస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, రబ్బరు గ్లౌజులకు దద్దుర్లు వచ్చే గుణం ఉన్నా అదీ చెప్పాలి. మలద్వారం దగ్గర ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లకు, క్యాన్సర్ మందుల వల్ల తెల్లకణాలు బాగా పడిపోయినవాళ్లకు ఈ పరీక్ష మామూలుగా చేయరు. మీరు ఆ లెక్కలోకి రారు. మొలలున్నవాళ్లకు తర్వాత ఒకటి రెండు చుక్కలు రక్తం కనిపించవచ్చు. అదే రోజు ఆగిపోతుంది, ఆగకపోతే మళ్లీ చూపించాలి.

గలీజు సంగతి. అక్కడ మలం ఉంటుందని డాక్టరుకు తెలుసు, గ్లౌజు అందుకే వేసుకున్నాడు. పొద్దున దొడ్డికి పోయి నీళ్లతో శుభ్రంగా కడుక్కుని వస్తే చాలు. ఎనిమా అక్కర్లేదు. వెంట్రుకలు తీయనక్కర్లేదు, గీసుకుంటే అనవసరంగా గాట్లు పడతాయి. ముందురోజు నుంచి పస్తుండి వచ్చేవాళ్లను చూశాను, అదీ వద్దు. ఇడ్లీ తిని రండి. ప్యాంటు కాకుండా పంచె కట్టుకుని వస్తే ఇంకా మేలు. వెనకవైపు ఎత్తితే చాలు, ముందువైపు కప్పుకునే ఉంటారు. మీ సిగ్గులో సగానికి ఆ పంచే మందు. ఇంటికెళ్లి తలస్నానం చేయాలా అని కొందరు అడుగుతారు. మీకు తృప్తి అనిపిస్తే చేయండి, వైద్యానికి దానితో పని లేదు.

మగతనం గురించి అడగడానికి మీరెంత మొహమాట పడ్డారో ఉత్తరంలోనే తెలుస్తోంది. దీనివల్ల దానికి ఏమీ కాదు. అంగస్తంభనకు సంబంధించిన నరాలు గ్రంథి పక్కల నుంచే పోతాయి గానీ, వేలితో నొక్కినంత మాత్రాన వాటికి దెబ్బ తగలదు. గ్రంథిని నొక్కినప్పుడు ఒక్కోసారి అంగం కాస్త లేచినట్టు కావడం, చుక్క ద్రవం రావడం జరుగుతాయి. అది నరం చేసే పని, మనసు చేసే పని కాదు. డాక్టర్లు దాన్ని చూసీ చూడనట్టు పోతారు, ఎవరూ ఏమీ అనుకోరు. మండీలో ఎవరైనా ఈ పరీక్ష గురించి వేళాకోళం ఆడుంటే, ఆ మాటలాడినాయన కూడా రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడో అడిగి చూడండి.

మీ అసలు ఇబ్బంది వేలు కాదని నాకు అనిపిస్తోంది. ఆ ఇద్దరు పిల్లలు. ముఖ్యంగా ఆ అమ్మాయి. అది అర్థం చేసుకోదగ్గ సంగతే, దానికి దారి కూడా ఉంది. మన దగ్గర పెద్ద ఆసుపత్రులు చాలావరకు పాఠాలు చెప్పే ఆసుపత్రులే. తిరుపతిలో రుయా ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధం. స్విమ్స్‌కు పద్మావతి మహిళా వైద్య కళాశాల ఉంది, అక్కడ ఎంబీబీఎస్ చదివేది అంతా అమ్మాయిలే. రాయవేలూరు సీఎంసీకి పోయినా అదీ మెడికల్ కాలేజీయే. కాబట్టి ఎక్కడికి పోయినా గదిలో విద్యార్థులు ఉండొచ్చని ముందే అనుకోండి. కానీ వాళ్లు ఉండాలా వద్దా అన్నది మీరు చెప్పే మాటను బట్టి ఉంటుంది. కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో, ఏం చేయబోతున్నారో చెప్పి ఒప్పుకోలు తీసుకోవడమూ, మర్యాదా, మరుగూ రోగి హక్కులుగానే ఉన్నాయి. దాన్ని పట్టుకుని పోట్లాడాల్సిన పని కూడా రాదు. ఒక్క ముక్క చెబితే చాలు.

ఎలా చెప్పాలంటారా? పడుకోకముందే, కుర్చీలో కూర్చుని ఉండగానే చెప్పండి. "సార్, పరీక్ష చేయించుకుంటాను. నాకు సిగ్గు జాస్తి. పిల్లల్ని కాసేపు బయటుండమనండి, మీరొక్కరే చూడండి. తెర వేయించండి. నేను చెయ్యెత్తితే ఆపండి." ఇంతే. నేను ఓపీ చూసిన రోజుల్లో ఈ మాట అడిగినవాళ్ల మీద నాకు కోపం రాలేదు సరికదా, పని సులువైంది. ఏం భయమో తెలియని రోగి బిగుసుకుని పడుకుంటే గ్రంథి కూడా సరిగా అందదు. ఇంకో మాట కూడా కలపండి. "ఒకరే చూడండి, పెద్ద డాక్టరే చూడండి" అనండి. లేకపోతే చిన్న డాక్టరు ఒకసారి, సీనియర్ ఇంకోసారి చూడటం పాఠాలు చెప్పే చోట మామూలే. మీకు తోడు కావాలంటే మీవాడిని తెర బయట నిలబెట్టుకోవచ్చు. వద్దనుకుంటే వరండాలోనే ఉండమనొచ్చు. నోటితో చెప్పలేనంటే చీటీ మీద రాసి ఫైలులో పైన పెట్టివ్వండి. అలా ఇచ్చినవాళ్లూ ఉన్నారు.

ఇక మీ ముందున్న దారులు. అదే డాక్టరు దగ్గరికి తిరిగి పోవచ్చు. రిపోర్టులన్నీ అక్కడే ఉన్నాయి, ఆయనకు మీ కేసు తెలుసు, పని తొందరగా తెములుతుంది. మళ్లీ ముఖం ఎలా చూపించాలన్నది మీ బాధ. ఆయనకు మీ ముఖం గుర్తుండకపోవచ్చు. రోజుకు ఎంతోమంది వస్తారు, అందులో కొందరు మీలాగే బాత్రూముకని పోయి రాకుండా పోతారు. గుర్తున్నా, "ఆ రోజు భయమేసింది సార్" అంటే సరిపోతుంది.

అలా కుదరదనుకుంటే వేరే యూరాలజిస్టు దగ్గరికి పోవచ్చు. విద్యార్థులు ఉండని ప్రైవేటు క్లినిక్కు అయితే మీ పెద్ద భయం అక్కడే తీరిపోతుంది. చిత్తూరు నుంచి రాయవేలూరు గంట ప్రయాణం, మీకు తిరుపతి కంటే దగ్గర. అయితే కొత్తచోట పరీక్షలు మొదటి నుంచి చేయిస్తామనే అవకాశం ఉంది. స్కానింగు ఫిల్ము, పీఎస్‌ఏ కాగితం, అది తీసిన తేదీ, మంట ఎప్పుడు మొదలై ఎప్పుడు తగ్గింది, వాడిన మందుల చీటీ వెంట ఉంటే అందులో కొంత తప్పుతుంది. ధారకని ఎవరో ఇచ్చిన మాత్రలు మింగుతుంటే ఆ అట్ట కూడా తీసుకుపోండి. గ్రంథిని కుదించే ఒక రకం మాత్రలు ఆరు నెలలు వాడితే పీఎస్‌ఏ సగానికి పడిపోతుంది. ఆ సంగతి డాక్టరుకు తెలియకపోతే అంకెను తప్పుగా చదువుతాడు.

మూడో దారి, వేలి పరీక్ష వద్దని ముఖం మీదే చెప్పి, మిగతా వైద్యం చేయించుకోవడం. అది మీ హక్కు. వద్దన్నంత మాత్రాన ఏ డాక్టరూ మీకు మందు ఇవ్వనని అనకూడదు. అప్పుడు ఇన్ఫెక్షన్‌కు చికిత్స చేసి, ఆరు వారాల తర్వాత పీఎస్‌ఏ మళ్లీ తీసి, అది దిగకపోతే నేరుగా ఎంఆర్ఐకి పోవచ్చు. ఎంఆర్ఐ వేలి కంటే ఎంతో వివరంగా చూపిస్తుంది, వేలికి అందని ముందుభాగాన్ని కూడా. దీనికి ఖర్చు ఎక్కువ, ఆ గొట్టంలో అరగంట పైన కదలకుండా పడుకోవాలి. ఆ ఆరు వారాల్లో గట్టి గడ్డ ఉన్నా తెలియదన్నది ఇందులో మీరు ఒప్పుకోవాల్సిన నష్టం. ప్రోస్టేటు క్యాన్సర్లు చాలావరకు నెమ్మదిగా పెరిగేవే కాబట్టి ఆరు వారాలు ఆగడం చాలామందిలో ప్రమాదం కాదు. ఆరు వారాలు కాస్తా ఆరు నెలలు కావడమే ప్రమాదం. సిగ్గుతో వాయిదా వేసేవాళ్లలో ఎక్కువగా జరిగేది అదే. ఒకటి గుర్తుంచుకోండి, ఎంఆర్ఐలో ఏదైనా కనిపిస్తే ముక్క తీయాలి. అది వేలి పరీక్ష కంటే చాలా పెద్ద పని. ఆ రోజు ఇలా లేచి రావడానికి ఉండదు.

నాలుగోది, ఏమీ చేయకుండా ఊరుకోవడం. ధార సన్నగా ఉన్నా వస్తూనే ఉంది కదా అనిపిస్తుంది. కానీ మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా మిగిలిపోతుంటే ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంది, రాళ్లు పడతాయి. కొందరిలో ఆ ఒత్తిడి పైకి తన్ని కిడ్నీలు దెబ్బతింటాయి. అది నొప్పి లేకుండా జరిగిపోతుంది. ఈ దారిని మాత్రం నేను ఒప్పుకోలేను.

నన్నడిగితే రెండో దారి పడతాను. మీ భయం పరీక్ష మీద కాదు, చుట్టూ ఉన్న మనుషుల మీద కాబట్టి.

ఇంకో మాట, ఇది మీకే కాదు, ఇది చదివేవాళ్లకు కూడా. ఈ వేలు ప్రోస్టేటు కోసం మాత్రమే కాదు. దొడ్డికి పోయేటప్పుడు రక్తం పడుతుంటే ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా మొదట చేయాల్సింది ఇదే. మన బస్టాండు గోడల మీద మొలలకు ఆపరేషన్ లేకుండా మందు ఇస్తామనే రాతలు చూస్తుంటాం కదా, అక్కడ వేలితో చూడకుండానే పొట్లం కట్టి ఇస్తారు. రక్తం పడేది మొలల వల్ల కాదు, పేగు చివర్లో గడ్డ వల్ల అయితే, అది చాలాసార్లు వేలికి అందేంత దగ్గర్లోనే ఉంటుంది. ఏడాది పొట్లాలు వాడి, ఆ తర్వాత పేగు మూసుకుపోయాక వచ్చినవాళ్లను చూడటం నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన సంగతి. ఆడవాళ్లకు మగ డాక్టరు ఈ పరీక్ష చేసేటప్పుడు గదిలో ఇంకో ఆడమనిషి ఉండాలి. ఎవరూ లేకపోతే పిలిపించమని అడగండి.

మీవాడికి ఏం చెప్పాలన్నది మీరు అడగలేదు గానీ, ఇంట్లో అన్నీ చూపించుకున్నానని చెప్పారు కాబట్టి రిపోర్టు ఏదన్న మాట రేపో మాపో వస్తుంది. ఆ పరీక్షకు కాగితం రిపోర్టు ఉండదు, డాక్టరు చీటీలో ఒక వాక్యం రాస్తాడంతే. ఆ సందు చూసుకుని తప్పించుకోవద్దు. "ఒక పరీక్ష మిగిలింది, సిగ్గేసి వచ్చేశాను, నాతో రా" అనండి. ఆ పరీక్ష పేరు చెప్పాల్సిన పని కూడా లేదు.

అపాయింట్‌మెంటు దొరికేలోగా ఇవి జరిగితే మాత్రం ఏ డాక్టరు, ఏ ఊరు అని చూడొద్దు. ఒంటికి పూర్తిగా ఆగిపోయి పొత్తికడుపు బిగుసుకుపోవడం, చలి వణుకుతో జ్వరం రావడం, ఒంటికి పోతే రక్తం గడ్డలుగా పడటం. ఆ రాత్రే దగ్గర్లో ఉన్న క్యాజువాలిటీకి పోండి. ఒంటికి ఆగిపోతే గొట్టం వేసి దించేస్తారు, అక్కడే ప్రాణం లేచొస్తుంది. జలుబుకు మెడికల్ షాపులో ఇచ్చే మాత్రల్లో కొన్ని ఉన్నట్టుండి ఒంటికి ఆపేస్తాయి. డాక్టరు చూసేదాకా వాటి జోలికి పోవద్దు.